పాసుబుక్కులో రెండో పేరు

మొగుడూ పెళ్ళామూ కలిసి జాయింటు ఖాతా తెరవడానికి వచ్చారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై రెండేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఈ మంట తగ్గలేదు. ఫారం చేతికిచ్చి, "డబ్బు ఎవరు తీయాలో ఈ గడిలో చెప్పండి" అంటాను. "ఇద్దరి పేరు మీదా అండీ" అంటారు. "పేర్లు సరే, తీసేదెవరు?" అంటే, "మీకు తెలీనిదేముంది, ఏదో ఒకటి టిక్కు పెట్టేయండి" అంటారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు, బడిపంతుళ్ళు, కోర్టులో నల్లకోటు వేసుకునేవాళ్ళు, అందరిదీ అదే పాట. ఎక్కడ టిక్కు పడిందో చూడకుండా సంతకం గీకేసి పోతారు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో కష్టం వస్తుంది. అప్పుడు మా కౌంటరు ముందు నిలబడి మమ్మల్ని తిడతారు.

ఆ గడి దగ్గర ఆగి, "ఇదేటి? అదేటి?" అని నన్ను అరగంట కూర్చోబెట్టి వాయించిన మనిషి నా సర్వీసు మొత్తం మీద ఒక్కతే. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. పేరు గురమ్మ. చేపలమ్ముతుంది.

నౌపడ స్టేషనుకి కూతవేటు దూరంలో మా బ్రాంచి. పదహారేళ్ళ కిందట నేనక్కడ గుమస్తాని. గురమ్మ వాళ్ళది సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తెల్లారి పడవలు వచ్చే వేళకి ఆడవాళ్ళు గంపలతో ఇసుకలో కూర్చుని ఉంటారు. పడవ ఒడ్డు తాకేదాకా చేప మగవాడిది. తాకాక ఆడదానిది. వేలంపాట పాడినా, బేరమాడినా, తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి దాకా పోయి అమ్మినా ఆవిడే. వచ్చిన డబ్బు ఆవిడ బొడ్లో సంచిలోకి పోతుంది. మగవాడు వల ఎండేసుకుని, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు. ఆ రోజు చేప ఎంతకి పోయిందని అడగడు. అడిగితే పల్లెలో నవ్వుతారు.

గురమ్మ ఆ పనిని మిగతావాళ్ళ కంటే రెండాకులు ఎక్కువ చదివింది. వేసవిలో వేట ఆపే రెండు నెలలూ అందరూ అప్పుల కోసం తిరిగితే, ఆవిడ ముందే ఉప్పు మడుల దగ్గర బస్తాలు కొనిపెట్టుకుని, చేపని ఎండబెట్టి, కొండవార సంతలకి తీసుకుపోయేది. తూకంలో మోసం లేదు. కుళ్ళిన చేప కింద, మంచి చేప పైన సర్దడం లేదు. "పైన సూపించింది కింద కూడా ఉండాలి గదా బాబూ, లేపోతే వచ్చే వారం అదే సంతకి ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను?" అనేది. బ్యాంకులోకి వచ్చేటప్పుడు తట్టని వాకిట్లో వేపచెట్టు కింద దించి, చేతులు రెండుసార్లు కడుక్కుని లోపలికి వచ్చేది. అయినా వాసన వస్తుందని మా వాళ్ళు ముక్కు మూసుకునేవారు. నేనూ మూసుకున్నాను, అబద్ధం ఎందుకు.

ఆ రోజు మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వెంటబెట్టుకుని అనడం మర్యాదకి. భుజం మీది తువ్వాలు పట్టుకుని లాక్కొచ్చింది. ఎర్రన్న మంచి వేటగాడు, నీళ్ళ రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పగలడు. ఒడ్డెక్కాక మాత్రం సారా కొట్టుకి తప్ప ఇంకెక్కడికీ దారి తెలియని మనిషి. పొద్దున్న పదిన్నరకే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను అలవాటుగా ఫారంలో ముందు మొగుడి పేరు రాసేశాను. తర్వాత గడి దగ్గరికొచ్చి, విసుగ్గా చెప్పడం మొదలుపెట్టాను.

"ఇందులో మూడు పద్ధతులున్నాయి. ఒకటి, ఇద్దరూ కలిసి వచ్చి వేలిముద్రా సంతకమూ వేస్తేనే డబ్బు."

"ఈడు ఏటలో ఉంటే?"

"రాదు. వచ్చేదాకా ఆగాలి."

"ఒద్దు. రెండోది సెప్పు."

"రెండోది ఐదర్ ఆర్ సర్వైవర్. ఇద్దరిలో ఎవరొచ్చినా తీసుకోవచ్చు, రెండోవాళ్ళని అడగక్కర్లేదు. ఒకరు పోతే, మిగిలినవాళ్ళు డెత్ సర్టిఫికెట్ చూపించి ఉన్నదంతా తీసుకోవచ్చు."

గురమ్మ మొగుడి వైపు చూసింది. ఎర్రన్న తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "ఒద్దు" అంది గురమ్మ. "మూడోదేటి?"

"ఫార్మర్ ఆర్ సర్వైవర్. మొదటి పేరున్నవాళ్ళు బతికున్నంత కాలం వాళ్ళొక్కరే తీయాలి. రెండో పేరువాళ్ళు వచ్చి తలకిందులుగా నిలబడినా పైసా ఇవ్వం. మొదటివాళ్ళు పోయాక మాత్రం రెండోవాళ్ళకి వస్తుంది. అడ్డంగా ఏ కోర్టు ఉత్తర్వూ లేకపోతే, వాళ్ళు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు."

"అదే. అదే ఏసెయ్యి. మొదటి పేరు నాది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫారం చింపి కొత్తది తీయాలి. "ఈ సంబరానికి జాయింటు ఎందుకమ్మా? నీ ఒక్కదాని పేరు మీదే ఖాతా తెరిచి, ఆయన్ని నామినీగా రాసుకుంటే పోలేదా? నువ్వున్నంత కాలం నీదే, పోయాక ఆయన తీసుకుంటాడు."

ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి, మొగుడికి వినపడకుండా చెప్పింది. "నామినీ అంటే పాసుబుక్కు మీద పేరు అచ్చవుద్దేటి బాబూ, నా పేరు పక్కన?"

"అలా కాదు. ఖాతాదారు నువ్వొక్కదానివే."

"అయితే ఒద్దు. ఈడి పేరు బుక్కులో ఉండాలి. డబ్బు ఈడి సేతికి రాకూడదు గానీ పేరు మాత్రం ఉండాలి. తెల్లారి గాలొచ్చినా వానొచ్చినా సముద్రంలోకి ఎల్లేది ఈడు. బుక్కులో ఈడి పేరు నేపోతే ఈడు మడిసే కాడని నానే రాసిచ్చినట్టు గదా?"

కొత్త ఫారం తీసి, మొదటి పేరు గురమ్మ, రెండో పేరు ఎర్రన్న అని రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది. ఎర్రన్న మూడో తరగతి దాకా చదివాడట, వంకరటింకరగా సంతకం చేశాడు. చేసి, తన పేరు వైపు కాసేపు చూసుకున్నాడు.

ఆరు నెలలు తిరక్కుండానే పాసుబుక్కు చంకలో పెట్టుకుని ఒక్కడే వచ్చాడు. కాళ్ళు తేలిపోతున్నాయి. మూడు వేలు కావాలన్నాడు. మీ ఆవిడ రావాలన్నాను. "నా పేరున్నాది కదా బాబూ, ఇదిగో, ఎర్రన్న అని కాదేటి?" అని బుక్కు నా మొహం మీదికి తోశాడు. వెనకాల పింఛన్ల వరస పెరిగిపోతోంది. నాకు కోపం ఆగలేదు. "ఉందయ్యా! ఆవిడ పోయాక పనికొస్తుంది, అప్పుడు రా!" అన్నాను.

అనగానే తప్పని తెలిసింది. ఎర్రన్న బుక్కు మూసి నా వైపు చూశాడు. "అంటే అది సచ్చిపోతే నాకు డబ్బులొస్తాయన్నమాట" అని నెమ్మదిగా అని, బెంచీ మీద కూర్చున్నాడు. బ్యాంకు మూసేదాకా అక్కడే కూర్చుని లేచిపోయాడు. ఆ సాయంత్రం తాగలేదని తర్వాత గురమ్మ చెప్పింది. "మర్నాడు తాగినాడులే" అని కూడా చెప్పింది. పూర్తిగా మానడానికి ఇంకా నాలుగేళ్ళు పట్టింది.

నాకు ప్రమోషను వచ్చి బొబ్బిలి వెళ్ళాను. అక్కణ్ణుంచి నెల్లిమర్ల, ఇంకా ఎక్కడెక్కడికో తిరిగి, రిటైరుమెంటుకి రెండేళ్ళ ముందు మళ్ళీ నౌపడ బ్రాంచికే ఆఫీసరుగా వచ్చిపడ్డాను. జుట్టు పోయింది, గ్యాసు ట్రబులు వచ్చింది, కోపం మాత్రం ఉన్నచోటే ఉంది. గురమ్మ ఈ లోపల పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసింది. కూతురు దుర్గకి నర్సు చదువు చెప్పించి పెళ్ళి చేసింది. పల్లెలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చి ఖాతాలు తెరిపించింది. వాళ్ళకి ఆ మూడు పద్ధతులూ నాకంటే బాగా తనే చెప్పేది. ఎవరి మొగుడికి ఏ పద్ధతి నప్పుతుందో కూడా తనే తేల్చేది. నా జీతంలో సగం ఆవిడకి ఇవ్వాలి, నిజానికి.

మొన్న ఆషాఢంలో, ఒక మంగళవారం పొద్దున్నే వచ్చింది. తట్ట లేదు. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసంతో మాట రావడం లేదు. వెనకే ఎర్రన్న మందుల సంచీ పట్టుకుని ఉన్నాడు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె లోపల కవాటం పాడైందట. ఇన్నాళ్ళూ తెలియలేదు. విశాఖపట్నంలో ఆపరేషను, శుక్రవారం. చాలావరకు సర్కారు కార్డు మీద జరుగుతుంది. కార్డు కిందికి రాని ఖర్చులకి మాత్రం చేతిలో డబ్బుండాలన్నారట.

"తీసుకెళ్ళు, అరవై వేలో డెబ్బై వేలో తీసుకెళ్ళు. ఖాతాలో రెండు లక్షల పైన ఉందిగా" అన్నాను.

"తీస్తాను. ఉన్నదంతా మూటగట్టుకుని ఆస్పత్రి వరండాలో పడుకోనేం గదా. అది కాదు బాబూ. నన్ను గుండెకాయ కోసి బల్ల మీద పడుకోబెట్టినాక ఇంకా డబ్బు కావాలంటే ఎవరు తీస్తారు?"

నేను చెప్పాను. మనిషి లేవలేని స్థితిలో ఉంటే మా ఆఫీసరు వచ్చి, ఇంకో సాక్షితో కలిసి, మంచం దగ్గర వేలిముద్ర తీసుకునే వీలుంది. విశాఖపట్నం దాకా అంటే ఆలస్యమవుతుంది, కానీ వీలుంది.

"మత్తులో ఉన్న మడిసి ఏలు పట్టుకుని ముద్రేసుకుంటారేటి?"

"వెయ్యం. తెలివి ఉండి, తనకి తానుగా ఒప్పుకోవాలి."

"మరి తెలివి లేపోతే?"

"అప్పుడు..." అని రూల్సు పుస్తకం తిరగేశాను. అప్పుడు ఏమీ లేదు. మొదటి పేరు మనిషి బతికే ఉంది, తెలివిలో లేదు. రెండో పేరు మనిషికి హక్కు ఇంకా పుట్టలేదు.

గురమ్మ తలూపింది. "నాను రాత్రంతా ఇదే లెక్క కట్టినాను. నాను సచ్చిపోతే ఈడికి డబ్బంతా వస్తాది. సావకుండా మంచం మీద పడుంటే పైసా రాదు. నన్ను బతికించుకోడానికి ఈడికి డబ్బు కావాల గానీ, నాను పోయినాక ఆ డబ్బుతో ఏటి సేసుకుంటాడు? తప్పు పద్ధతి ఏసీసినాను బాబూ. అప్పట్లో ఒప్పే. ఇప్పుడు తప్పు. ఆ రెండోది ఉన్నాది సూడు, ఎవరైనా తియ్యొచ్చని, అదేసెయ్యి."

ఏం మనిషి ఈవిడ! చదువుకున్నవాళ్ళకి ముప్పై ఏళ్ళుగా నేను చెప్పలేకపోయిన తేడాని మూడు ముక్కల్లో తేల్చేసింది. గబగబా కాగితం తీశాను. పద్ధతి మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకుని రాసివ్వాలి. మొదటి పేరు మనిషి ఒక్కరే మార్చడానికి లేదు. ఆవిడ వేలిముద్ర వేసింది, సాక్షులు సంతకం చేశారు. కాగితం ఎర్రన్న వైపు తిప్పాను.

ఎర్రన్న పెన్ను ముట్టుకోలేదు.

"నాను ఎయ్యను" అన్నాడు.

"ఏటీ?"

"నాకొద్దు. అదలాగే ఉండనీ."

గురమ్మకి ఆయాసంలోనూ కోపం వచ్చింది. "నీకేటైనా పిచ్చా మావా? ఎల్లుండి పొద్దున్న బండెక్కాల."

ఎర్రన్న నన్ను చూసి చెప్పాడు, ఆవిడని చూడలేక. "బాబూ, నాను తాగుడు ఒగ్గేసి పన్నెండేళ్ళయినాది. మానేసినానని ఊరంతా అంటారు. నాను మానీనేదు. రోజూ మానతన్నాను. సేతిలో డబ్బు నేదు కాబట్టి మానతన్నాను. జేబులో వంద దాటి ఉంటే నా కాళ్ళు నా మాట ఇనవు. అది ఆస్పత్రిలో ఉండి, నా సేతిలో లచ్చ ఉంటే... నా మీద నాకే నమ్మకం నేదు. అది బతకడానికి దాసుకున్న డబ్బు నాను తాగీసినాననుకో, మరి నానుండి ఏటి లాభం?"

నేను పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాను.

మధ్యేమార్గం చూపిద్దామని నా తెలివితేటలు ప్రయోగించాను. లక్షన్నర తీసి ఇద్దరి పేరు మీదా ఫిక్సుడు డిపాజిట్టు వేసేద్దాం. గడువు నిండాక అయితే ఎవరైనా ఒక్కరు తీసుకోవచ్చు. గడువు లోపల విడగొట్టాలంటే ఇద్దరూ బతికుండగా ఇద్దరి సమ్మతీ కావాలి. కాబట్టి ఎర్రన్న ఒక్కడూ ముట్టుకోలేడు. మిగిలిన కాస్త సేవింగ్సులో ఎవరైనా తీసేలా పెడదాం అన్నాను.

"అంటే ఆ లచ్చన్నరకీ నా ఏలిముద్ర కావాలా?"

"కావాలి."

"నాను మత్తులో ఉంటే?"

నేను డిపాజిట్టు ఫారం మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

"తిప్పి తిప్పి మళ్ళీ అక్కడికే తెచ్చినావు గదా బాబూ!" అంది గురమ్మ. నా తెలివి అక్కడితో తెల్లారింది.

ఆవిడ కుర్చీని మొగుడి వైపు లాక్కుంది. గొంతు తగ్గించింది. "ఇటు సూడు మావా. ఇన్నేళ్ళూ నిన్ను నమ్మక రెండో పేరు ఏయించినానని అనుకుంటన్నావు గదా. నిజమే, నమ్మనేదు. అప్పుడు నమ్మితే ఇల్లుండునా? ఇప్పుడు నమ్ముతన్నాను. నీ మీద నీకు నమ్మకం నేపోతే నేదు. నాకున్నాది. ఇద్దరికీ ఉండాలని ఏటున్నాది? ఇద్దరిలో ఒకరికుంటే సాలు."

"తాగీసినాననుకో?"

"తాగీసినావనుకో, నాను సచ్చిపోతాను. సచ్చినాక తిట్టను గదా. నీకేటి బయం?" అని నవ్వింది. ఎర్రన్న నవ్వలేదు. ఏడ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, పెన్ను తీసుకుని, పదహారేళ్ళ కిందటి వంకర సంతకమే మళ్ళీ చేశాడు. బ్యాంకులో ఉన్న అప్పటి నమూనా కార్డు మీది సంతకంతో పోల్చి చూశాను. ఒక్క గీత తేడా లేదు.

నా బాధ్యతగా ఇంకో మాట కూడా చెప్పాను. "గురమ్మా, రేపు ఏదైనా అనుమానం వస్తే నువ్వు ఆపమని రాసిస్తే ఆపుతాం. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వస్తేనే ఇస్తాం."

"నాను రాయను" అంది గురమ్మ. డెబ్బై వేలు తీసుకుని, పాసుబుక్కు మొగుడి చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆపరేషను అయింది. బాగానే అయిందని దుర్గ ఫోను చేసి చెప్పింది. శనివారం సెలవు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి క్యారియరు విప్పుకుని కూర్చున్నాను. ఎదురుగా ఎర్రన్న నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. చొక్కా గుండీలు పైదీ కిందదీ తప్పుగా పెట్టుకున్నాడు. పాసుబుక్కు మీద అంత మొత్తం వేరే బ్రాంచిలో ఇవ్వరని, కూతుర్ని తల్లి దగ్గర పెట్టి, పొద్దున్నే రైలెక్కి వచ్చాడట.

"లోపల నెత్తురు కారతందంట బాబూ. మళ్ళీ లోనికి తీసుకెల్లినారు. నెత్తురుకీ, ఏవో మందులకీ ఎనభై వేలు కట్టమన్నారు. కార్డులోకి రావంట. దానికి తెలివి నేదు."

నేను అన్నం మూత పెట్టేసి ఫారం నింపాను. సంతకం పెట్టాడు. పాసుబుక్కు చూశాను, సంతకం చూశాను, పాసు చేసేశాను. అతను నమ్మలేనట్టు నిలబడ్డాడు.

"అంతేనా? దాన్ని అడగరా?"

"అడగక్కర్లేదు. నువ్వు చాలు."

నోట్లు సంచిలో పెట్టుకుని, సంచి చొక్కా లోపల దోపుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి వచ్చాడు. నా బల్ల మీద చెయ్యి ఆనించి, గొంతు బాగా తగ్గించి, "బాబూ, మీకు దండం ఎడతాను. స్టేషను దాకా నాతోటి రండి" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అయింది. మా బ్రాంచికీ స్టేషనుకీ మధ్య మూడొందల గజాల దూరం. ఆ మధ్యలోనే బ్రాందీ షాపు.

మేనేజరు లేడు, కౌంటరు ముందు జనం ఉన్నారు, నాకు అన్నం వేళ. ఇంకెవరైనా అయితే తిట్టి పంపేవాణ్ణి. గొడుగు తీసుకుని లేచాను. బయట చినుకు పడుతోంది. ఒకే గొడుగు కింద ఇద్దరం నడిచాం. ఎర్రన్న తల దించుకుని, రెండు చేతులూ పొట్టకి అదుముకుని నడుస్తున్నాడు. షాపు దగ్గరకొచ్చేసరికి అడుగు మందగించింది. నేను అతని మోచెయ్యి పట్టుకున్నాను.

"మాటాడండి బాబూ" అన్నాడు. "ఏదో ఒకటి మాటాడండి."

ఏం మాట్లాడను? నోటికొచ్చినట్టు నా గ్యాసు ట్రబులు గురించి మొదలుపెట్టాను. పొద్దున్న లేవగానే ఎలా పొంగుతుందో, శనగపిండి తగిలితే ఎలా ఉంటుందో, శ్రీకాకుళం డాక్టరు ఏం మందిచ్చాడో, అది ఎందుకు పనిచేయలేదో అంతా చెప్పాను. ఎర్రన్న ప్రతిదానికీ "ఊ" కొట్టాడు. షాపు దాటాం. ప్లాట్‌ఫారం మీదికి వచ్చాం. విశాఖపట్నం ప్యాసింజరు వచ్చేదాకా నిలబడ్డాను. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచి మీద నుంచి చేతులు తీయకుండా తలొక్కటి ఆడించి నమస్కారం పెట్టాడు. బండి వెళ్ళాక చూసుకుంటే నా చొక్కా సగం తడిసి ఉంది.

తర్వాత వారం రోజులు ఫోను మోగితే రెండో గంట లోపలే ఎత్తేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ, "ఆ చేపలావిడ నీకేమవుతుంది?" అని అడిగింది. ఏమవుతుందో నాకూ తెలియలేదు. ఎనిమిదో రోజు దుర్గ ఫోను చేసి, అమ్మ ఇడ్లీ తింటోందని చెప్పింది. ఆ పూట బ్యాంకులో నేను ఎవర్నీ తిట్టలేదని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండు నెలలకి మొగుడూ పెళ్ళామూ కలిసి వచ్చారు. గురమ్మ చిక్కిపోయింది. మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కింది. కుర్చీలో కూర్చుని, తను లేని రెండు నెలల్లో పల్లెలో ఎవరెవరు చేప తక్కువకి అమ్ముకుని పాడయ్యారో అందర్నీ వరసగా తిట్టింది. డాక్టరు తట్ట మోయొద్దన్నాడట. "మొయ్యను, ఎవరి సేతైనా మోయించి బేరం నానే ఆడతాను" అంది. పాసుబుక్కు అచ్చు వేయించడానికి ఆవిడ కౌంటరు దగ్గరకెళ్ళినప్పుడు, ఎర్రన్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ రోజు డబ్బు కట్టీసినాను బాబూ" అన్నాడు. "కట్టగా పన్నెండొందలు మిగిలినాది. మూడోనాటికి దానికి తెలివొచ్చినాది. గొట్టం తీసినాక మొదట ఏటడిగిందో తెలుసా? ఎంత తీసినావు మావా అన్నాది. ఎనభై అన్నాను. మిగిలినాదా అన్నాది. జేబులోంచి పన్నెండొందలూ తీసి దాని సేతిలో ఎట్టినాను. ఎప్పుడూ అంతే గదా బాబూ, నా సేతికి ఏదొచ్చినా దాని సేతిలో ఎట్టడమే. దానికి సెయ్యెత్తే ఓపిక నేదు. ఏలి కొసల్తోటి ఆ నోట్లు మళ్ళీ నా అరిసేతిలోకి తోసీసినాది."

అతను కౌంటరు వైపు చూశాడు. గురమ్మ అక్కడ గుమస్తాతో ఏదో పేచీ పెట్టుకుంటోంది.

"ఉంచుకో మావా అన్నాది" అన్నాడు ఎర్రన్న. "నీ దగ్గరే ఉంచుకో, అన్నాది."